కాదనడానికి దారి

హోసూరు పక్క పల్లెల్లో మన తెలుగు ఆడవాళ్లు పాడే జోలపాటలు రికార్డు చేసి, ఇంటి తెలుగు మీద ప్రాజెక్టు రాద్దామనుకున్నాను. మనుషుల దగ్గర సమాచారం తీసుకుంటున్నాం కాబట్టి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలని మేడం చెప్పారు. దరఖాస్తులో ఇలా రాశాను: "మహిళా సంఘం లీడరు ద్వారా ఇరవై మందిని ఎంపిక చేస్తాము. అందరూ స్వచ్ఛందంగా పాల్గొంటారు."

దరఖాస్తు వెనక్కి వచ్చింది. రెండో వాక్యం కింద గీత గీసి, "రానన్న ఆమె ఆ మాట ఎవరితో చెప్పాలి?" అని అడిగారు.

మొదట కోపం వచ్చింది. ఆ లీడరు మా అత్తే, అందరూ ఆమె మాట వింటారు. తర్వాత తెలిసింది, చిక్కు అక్కడే ఉందని. లోను కట్టే రోజు మీటింగులో అత్త "మా మేనకోడలికి ఒక పాట పాడండమ్మా" అంటే, వచ్చే నెల లోను కావలసిన ఆమె కాదనగలదా?

అందుకని ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారో వరుసగా తిరగరాశాను. అత్త చేసేది ఒకటే: ఇలాంటి పని జరుగుతోందని చెప్పి, నా నంబరున్న కాగితం అందరికీ ఇవ్వడం, అదీ లోను కట్టే రోజు కాకుండా. ఇష్టమున్నవాళ్లు నాకు మిస్డ్ కాల్ ఇస్తారు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో అత్తకు చెప్పను. లోనుకీ దీనికీ సంబంధం లేదని కాగితంలోనే రాశాను.

ఇంకో సంగతి మరిచిపోయాను. వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదివేది తమిళం, కొందరికి చదువే రాదు. అందుకని సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించి, రెండు రోజులు ఆగి మళ్లీ వెళ్తానని రాశాను. వేలిముద్ర వేసేవాళ్లకు చదవడం వచ్చిన సాక్షి ఉండాలి, ఆ సాక్షి అత్త కాకూడదు. పాడడానికి ఒక సమ్మతి, రికార్డు చేయడానికి వేరే సమ్మతి. ప్రాజెక్టు సమర్పించే లోపల ఎప్పుడు వద్దన్నా రికార్డింగు చెరిపేస్తాను.

అనుమతి వచ్చింది. సంతకం తీసుకునే ముందు "నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి" అని ప్రతి ఒక్కరినీ అడిగాను. ఒకామె, "పాడకపోతే మీ అత్త కోపం చేసుకుంటుంది, అంతే కదా?" అంది. పత్రమంతా విన్నా అసలు మాట ఆమెకు చేరలేదు. మొదటి నుంచి మళ్లీ చెప్పాను. అంతా విని, "అట్లయితే నేను పాడను పాపా, ఏమనుకోవద్దు" అంది.

పాటలు పదకొండే దొరికాయి. పాడనన్నది ఎవరో మా అత్తకు ఇప్పటికీ తెలీదు.