వెంట వచ్చిన గజల్

అల్ఫారెట్టాలో సాహిత్య సమావేశం. గజల్ చదవమని పిలిచారు. షార్లెట్ నుంచి ఐ-85 మీద బయలుదేరాం. పక్క సీట్లో కొడుకు దగ్గరికి వచ్చిన తెలుగు మాస్టారు. దాశరథి ‘గాలిబ్ గీతాలు’ ఆయనకు కంఠస్థం.

మత్లా, అంటే తొలి షేర్, ఆయనకు వినిపించాను:

సంద్రాలు దాటినా కల వెంట వచ్చింది
గోదారి విడిచినా అల వెంట వచ్చింది

ప్రతి పాదంలో అయిదేసి మాత్రల ముక్కలు నాలుగు. ‘వెంట వచ్చింది’ రదీఫ్, మారకూడదు. దాని ముందున్న ‘కల’, ‘అల’ కాఫియా. మత్లాలో రెండు పాదాలకూ ఇవి ఉండాలి. తర్వాతి షేర్లలో రెండో పాదానికి ఉంటే చాలు.

తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి రదీఫ్‌కి క్రియ హాయిగా ఒదుగుతుంది. కానీ ఆ క్రియే కట్టేస్తుంది కూడా. ‘వచ్చింది’ అన్నాక కలలు రావు, నాన్న రాడు. ఒక్క వస్తువో, ఒక్క ఆడమనిషో రావాలి. జార్జియాలోకి అడుగుపెట్టాక రోడ్డు పక్కన కోసిన గట్లలో ఎర్రమట్టి కనిపించింది. అచ్చం మా చెలకల మట్టి. అప్పుడు వచ్చింది అమ్మ:

అట్లాంట దారిలో ఎర్రమట్టిని చూడ
మా అమ్మ తాటి నీడల వెంట వచ్చింది

వెనక సీట్లోని స్నేహితురాలు “వెన్నెల వెంట వచ్చింది అంటే ఎంత బాగుంటుంది!” అంది.

“బాగుంటుందమ్మా, కానీ కుదరదు,” అన్నారు మాస్టారు. “కల, అల, నీడల... లకారం ముందు అకారం నడుస్తోంది. వెన్నెలలో ఎకారం. కంటికి ఆనదు గానీ పాడితే చెవి పట్టేస్తుంది.”

అది నిజం. మన పద్యంలో ప్రాస రెండో అక్షరం దగ్గర ఉంటుంది, అక్కడ హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఫరవాలేదు. ఆ అలవాటుతో గజల్‌కి వచ్చినవాళ్లు జారేది ఇక్కడే.

సాయంత్రం ఓ మిత్రుల ఇంటి బేస్‌మెంట్‌లో అందరం నేల మీదే కూర్చున్నాం. గజల్‌లో షేర్ మొదటి పాదాన్ని రెండుసార్లు చదవడం రివాజు. కాఫియా ఏమై ఉంటుందో వినేవాళ్లు ఊహించుకోవడానికి ఆ వ్యవధి. ఎర్రమట్టి పాదం రెండోసారి చదివి, “మా అమ్మ తాటి నీడల...” అనేసరికి గదంతా “వెంట వచ్చింది” అని అందుకుంది. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

మక్తాలో, అంటే చివరి షేర్‌లో, కవి తన కలంపేరు చెప్పుకోవాలి. నాది ‘పథికుడు’:

ఊరేది పథికుడా అని ఎవ్వరడిగినా
మా ఊరి యాస మాటల వెంట వచ్చింది

మధ్యలో ఇంకో రెండు షేర్లు చదివాను. అయిదుకి తగ్గితే గజల్ అనరు. అవి ఇంకా నలగాలి, ఒకదానిలో కాఫియా కోసమే మాట తెచ్చినట్టుందని మాస్టారు అక్కడే చెప్పారు.

తిరుగు దారిలో స్నేహితురాలు వెన్నెలను వదల్లేదు. నెల, వెల, వెన్నెల కాఫియాగా ఆమె మరో మత్లా మొదలుపెట్టింది. మాస్టారు తొడ మీద తాళం వేస్తూ మాత్రలు లెక్కపెట్టారు.