ఖాలా తఖ్రీర్ కాగజ్

మా ఖాలా రిటైర్మెంట్ జల్సాకి తెలుగులో మూడు నిమిషాల తఖ్రీర్ రాసిచ్చాను. చదివింది, చదివించింది అంతా ఉర్దూ మీడియమే. తెలుగు చదవగలదు గానీ నెమ్మది. డీటీపీ షాపువాళ్ళు పద్నాలుగు పాయింట్లలో, రెండు పక్కలా నింపి ఒక్క పేజీ ఇచ్చారు. చేతిలో పట్టుకుంటే బానే ఉంది. పోడియం మీద పెడితే దూరమై, ఐనక్ పెట్టుకున్నా లైను దొరకలేదు.

ఇంట్లో మళ్ళీ కూర్చాను. అక్షరం 28 పాయింట్లు, నగిషీల్లేని మామూలు ఫాంటు. తెలుగుకి లైన్ల మధ్య జాగా ఎక్కువ కావాలి. పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడితే నజర్ తడబడుతుంది. అందుకని లైను స్పేసింగ్ ఒకటిన్నర. పేజీలో కింది మూడోవంతు ఖాళీ, ఎందుకంటే అక్కడి దాకా చదివితే తల వంగి గొంతు మైకు నుంచి తప్పుకుంటుంది. అట్లా పేజీకి పదకొండు లైన్లే పట్టాయి, మొత్తం ఏడు పేజీలైంది. "ఇంత కాగజ్ ఎందుకు బేటా?" అంది ఖాలా.

అసలు సంగతి లైను ఎక్కడ విరగాలన్నది. కంప్యూటర్ మార్జిన్ చూసి విరుస్తుంది, మానీ చూడదు. "ఏ ఒక్క పిల్లవాణ్ణీ చదువు రాదని ఇంటికి" దగ్గర పేజీ అయిపోయి, "పంపలేదు" రెండో పేజీకి పోయింది. మన జుమ్లాలో ఔను, కాదు ఆఖరి మాటలోనే తేలుతుంది. ఆమె కాగజ్ జరిపేలోపు వినేవాళ్ళు పంపించేసిందనే అనుకుంటారు! అందుకే సాంస్ తీసుకునే చోటే లైను విరిచి, జుమ్లా మొత్తం ఒకే పేజీలో పెట్టాను:

ముప్పై ఒక్క ఏళ్ళ ఈ నౌకరీలో /
ఏ ఒక్క పిల్లవాణ్ణీ //
చదువు రాదని ఇంటికి పంపలేదు. //

ఒక గీత అంటే చిన్న ఠహరావ్. రెండు గీతలంటే తలెత్తి జనాన్ని చూడాలి. గీతకి రెండు పక్కలా ఖాళీ వదలాలి, అక్షరానికి అంటుకుంటే అదీ అక్షరంలాగే కనిపిస్తుంది. అంకెలు మాటల్లోనే రాశాను. 31 అని ఉంటే ఆమె నోటికి ముందు "ఇక్తీస్" వస్తుంది.

గీతలు చూసి ఖాలా నవ్వింది. "ఇవి వఖ్ఫ్ నిషానీలే కదరా! మీమ్ ఉన్నచోట ఆగాలి, లా ఉన్నచోట ఆగొద్దు. నీ కాగజ్‌లో లా ఏది?" నిజమే, ఆగమనే గుర్తులున్నాయి, ఆగొద్దనేది లేదు. "చదువు రాదని ఇంటికి పంపలేదు" కింద ఆమే ఎర్ర పెన్నుతో ఈ చివర నుంచి ఆ చివరకి గీత లాగింది.

పిన్ను కొట్టలేదు. పేజీ తిప్పితే మైకులో చప్పుడొస్తుంది, అందుకని విడి కాగితాలుగానే ఉంచి, పై మూలన పెద్ద నంబర్లేశాను. చదివిన పేజీని ఎడమ పక్కకి జరపడం వంటింటి గట్టు మీద రెండుసార్లు చేసి చూసుకుంది ఖాలా.