చెవి మీద దాగ్, పేషానీ మీద గీత



మోండా మార్కెట్‌లో కూరగాయల వరసలు దాటి కిరాణా దుకాణాల వైపు మళ్ళితే, జుమాకు ముందురోజు ఒక రకం గిరాకీ కనిపిస్తుంది. పావుకిలో మెహందీ పొడి, రెండు నిమ్మకాయలు, చాయ్‌పత్తా ఒక ప్యాకెట్. అడగకపోయినా తెలుస్తుంది, ఆ ఇంట్లో రాత్రికి ఎవరో గడ్డానికో తలకో రంగు వేసుకుంటున్నారని. పక్కనే చిన్న సాషేలు దండల్లా వేలాడుతుంటాయి. వాటి మీదా మెహందీ అనే రాసి ఉంటుంది. కాకపోతే ముందు కాలీ అనే మాట ఉంటుంది. ఈ రెండు మెహందీలూ ఒక్కటి కావు. జుట్టు మీద ఎలా ఉన్నా, చర్మం మీద రెండింటి దాగ్ వేరు, దాన్ని ఆపే తీరు వేరు, పోగొట్టే తీరు వేరు.

మా ఇంట్లో అమ్మీ తలకూ అబ్బా గడ్డానికీ రంగు వేసేది నేనే. పదిహేనేళ్ళుగా వేస్తున్నా. అమ్మీకి లాల్ మెహందీ, అబ్బాకు కొన్నాళ్ళు ముదురు గోధుమ రంగు డై. నలుపు విషయంలో ఉలమాల మాటలు ఎవరికి వారు విన్నవే కాబట్టి ఆ బహస్‌లోకి నేను పోను. నా పని పేషానీ దగ్గర మొదలై చెవి వెనక ముగుస్తుంది.

లాల్ మెహందీలో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. అది మన చర్మం పైపొరలో ఉండే కెరాటిన్‌కు అతుక్కుంటుంది. దుల్హన్ చేతికి పండేదీ, అమ్మీ పేషానీ మీద నారింజ గీతలా మిగిలేదీ ఒకటే. అందుకే కడిగితే పోదు. ఆ పైపొర రాలినప్పుడు దానితోపాటే పోతుంది. అరచేతి చర్మం మందం కాబట్టి అక్కడ ఎక్కువ రోజులుంటుంది, ముఖం మీద త్వరగా వెలుస్తుంది.

డై, కాలీ మెహందీ పనిచేసే తీరు ఇంకోటి. వీటిలో చాలావాటిలో పారా ఫెనిలిన్ డయమిన్ అనేది ఉంటుంది. డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో పీపీడీ అనో, పూర్తి పేరుతోనో రాస్తారు. కలపకముందు దానికి నలుపు లేదు. డెవలపర్‌తో కలిపాక, సాషే రకమైతే నీళ్ళూ గాలీ తగిలాక, చిన్న చిన్న కణాలు లోపలికి దూరి, అక్కడ ఒకదానితో ఒకటి కలిసి పెద్ద నల్లటి కణాలవుతాయి. పెద్దవయ్యాక అవి బయటికి రాలేవు. జుట్టులో మనకు కావలసింది అదే. చర్మం మీద కూడా అదే జరుగుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు నిమిషాల్లో తడి దూదితో తుడిస్తే పోయే చుక్క, అరగంట తర్వాత సబ్బుకు లొంగదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా పనంతా దానంతట అదే అర్థమవుతుంది. తుడవడానికి టైము చివర్లో కాదు, చుక్క పడ్డప్పుడే.

నేను ముందుగా ఆ రోజు ముఖం రుద్ది కడగొద్దని చెప్తాను. అబ్బా అయితే గడ్డం అంచులు ఆ రోజు గీయించుకోకూడదు. బ్లేడు తిరిగిన చోట చర్మం పచ్చిగా ఉండి రంగును ఇంకా పట్టేస్తుంది, మంటా పుడుతుంది. తల ఆరి ఉండాలి. తడి తల మీద ముద్ద పల్చబడి కిందికి జారుతుంది.

తర్వాత వాసెలిన్. కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు గానీ మన ఎండలకు అది కరిగి వెంట్రుకల మొదళ్ళలోకి పోతుంది. అక్కడ రంగు పట్టక, అంచున తెల్ల గీత మిగులుతుంది. వాసెలిన్ రాసిన చోటే ఉంటుంది. పేషానీకి శనగగింజంత చాలు. వెంట్రుకలకు పూర్తిగా ఆనకుండా, కాస్త ఎడంగా, ఒక వేలి వెడల్పున పట్టీలా రాస్తాను. చెవుల దగ్గర తొందర పనికిరాదు. చెవిపైన మడత, చెవి వెనక తలకు అతుక్కునే గాడి, తమ్మె కింద, కమ్మల రంధ్రం చుట్టూ. అందరూ ముందు కనిపించే చోట రాసి, వెనక గాడిని మరిచిపోతారు. దాగ్ మాత్రం అక్కడే కూర్చుంటుంది. చెవి రంధ్రం బయట దూది ఉండ ఒకటి వదులుగా పెడతాను, లోపలికి తోయను. రెండు పెట్టానంటే రెండు తీశానా అని లెక్క చూసుకుంటాను.

రంగు వేయడం మెడ వెనక నుంచి మొదలుపెడతాను. ముందు అంచూ చెవుల పక్కనా చివరికి. అక్కడి వెంట్రుకలు సన్ననివి, రంగు త్వరగా పడుతుంది, పైగా చర్మం మీద రంగు నిలిచే సేపు తగ్గుతుంది. గడ్డానికైతే బ్రష్ మీద ముద్ద తక్కువ తీసుకుని, అంచు నుంచి వెంట్రుకల చివరల వైపుకు దువ్వినట్టు వేయాలి, చర్మానికి అదమకూడదు. పక్కన షాంపూ చుక్క వేసిన నీళ్ళ గిన్నె, నాలుగు దూది ముక్కలు. చుక్క పడితే వెంటనే తుడవడం, ఆ దూది మళ్ళీ వాడకపోవడం. వాడిన దూదితోనే తుడిస్తే ఒక చుక్క కాస్తా మీసం అంత అవుతుంది.

లాల్ మెహందీకి ఇంకో చిక్కుంది. రెండు మూడు గంటలు ఉంచుతాం, పైన ప్లాస్టిక్ కవర్ కడతాం. గంట గడిచేసరికి లోపల చెమట పట్టి, ఎర్ర నీరు చెవి వెనక నుంచి మెడ మీదికి దిగుతుంది. అందుకని ముద్దను గట్టిగా, గరిట నుంచి జారకుండా కలుపుతాను. కవర్ అంచు కింద దూదిని తాడులా చుట్టి పెడతాను, తడిస్తే మారుస్తాను. అమ్మీ తస్బీహ్ చేసుకుంటూ కూర్చున్నా, అరగంటకోసారి ఆమె మెడ వెనక చూడడం నా డ్యూటీ.

డై అయితే కడిగే ముందు చేయాల్సింది ఒకటుంది. తల మీద కొంచెం నీళ్ళు చల్లి, తలకున్న ముద్దనే రెండు నిమిషాలు నురగ వచ్చేలా అంచుల వెంబడి వేళ్ళతో మెల్లగా తిప్పాలి. విచిత్రంగా ఉంటుంది గానీ, ముద్దలో ఉన్న సబ్బు గుణమే అంచున అంటిన రంగును కొంత లేపుకుపోతుంది. తర్వాత తల వెనక్కి వాల్చి చెంబుతో పోయాలి. ముందుకు వంచితే ఆ నల్లనీళ్ళు ముఖం మీదికీ, కళ్ళలోకీ వస్తాయి. కనుబొమలకు ఈ డై అసలు వేయకూడదు, కంటికి ప్రమాదం.

ఇంత చేసినా దాగ్ మిగిలిందనుకోండి. కొబ్బరినూనో జైతూన్ నూనో రాసి పది నిమిషాలు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడిచి సబ్బుతో కడగాలి. కొంత తగ్గుతుంది. డై దాగ్ పేషానీ మీద ఇంకా ఉంటే, దూదికి సర్జికల్ స్పిరిట్ అద్ది ఒకటి రెండుసార్లు ఒత్తి తీయొచ్చు. కళ్ళ దగ్గర, చెవి లోపల, గీరుకున్న చోట వద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు. అక్కడితో ఆపేయాలి. మిగిలింది మూడు నాలుగు రోజుల్లో తనే వెలిసిపోతుంది. టూత్‌పేస్ట్ పనిచేసినట్టు కనిపించేది అందులోని గరుకు వల్ల, అంటే మీరు చర్మాన్ని గీకుతున్నారన్నమాట. నిమ్మకాయ, వంటసోడా, బ్లీచ్, గోళ్ళరంగు తీసే నీళ్ళు, ఇవన్నీ దాగ్ కంటే ముందు చర్మాన్ని తీస్తాయి.

మా బడే అబ్బా సంగతి ఇక్కడ చెప్పాలి. బిడ్డ నికాహ్ ఆదివారం. గురువారం రాత్రి వాళ్ళింట్లో సాషే కాలీ మెహందీ తలకూ గడ్డానికీ వేసుకున్నారు. అంచున ఏమీ రాయలేదు. శుక్రవారం ఫజర్‌కు లేచేసరికి చెవులు పైన నల్లగా, చెంపల మీద గడ్డం కింద మరో గడ్డం. జుమాకు ఇలా ఎలా వెళ్ళేదని, నిమ్మచెక్క మీద సోడా వేసి భాయి బాగా రుద్దాడు. నలుపు సగం పోయింది, చర్మం ఎర్రబడింది. శనివారానికి చెవులు దురద. రుద్దడం వల్లే అనుకున్నారు, ఇంకా నల్లగా ఉన్న చోట మళ్ళీ రుద్దారు. రాత్రికి చెవుల వెనక నీటి పొక్కులు, పొద్దునకు కనురెప్పలు ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకున్నాయి. బిడ్డ రుఖ్సతీలో ఆయన ముఖం చూసి అందరూ ఏడ్చి ఉబ్బిందనుకున్నారు.

స్కిన్ డాక్టర్ చూడగానే చెప్పింది, ఇది దాగ్ కాదు, డై పడకపోవడం అని. మందులు రాసింది, పీపీడీ ఉన్నది ఇక జన్మలో ముట్టొద్దంది. రుద్దిన చోట చర్మం చిరిగి ఉండడం వల్ల బాధ ఇంకా పెరిగిందట.

రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. దాగ్ చదునుగా ఉంటుంది, దురద ఉండదు, రోజురోజుకూ వెలుస్తుంది. డై పడకపోతే ఒకటి రెండు రోజుల తర్వాత మొదలై పెరుగుతుంది. దురద, ఎరుపు, పొక్కులు, వాపు. రంగు అంటని కనురెప్పలు కూడా ఉబ్బుతాయి. అప్పుడు రుద్దడం ఆపి, తలను చాలా నీళ్ళతో, మామూలు షాంపూతో కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఊపిరి ఆడకపోయినా, నాలుకో గొంతో వాచినా ఆలోచించకుండా ఆసుపత్రికి. ముందే తెలుసుకోవాలంటే, డబ్బాలో చెప్పిన తీరున కొంచెం కలిపి చెవి వెనకో మోచేయి మడతలోనో అద్ది రెండు రోజులు చూడాలి. పదిసార్లు పడిన డై పదకొండోసారి పడకపోవచ్చు, కాబట్టి ప్రతిసారీ చూడడమే మేలు. నికాహ్ ఆదివారమైతే గురువారం రాత్రి దీనికి టైము ఎక్కడిది? ముందు వారమే చూసుకోవాలి.

వుజూ గురించి అమ్మీ ప్రతిసారీ అడుగుతుంది. మా మొహల్లా ఇమామ్ సాబ్ చెప్పింది సూటిగా ఉంది. రంగు నీళ్ళను ఆపదు, దాగ్ ఉన్నా వుజూ అవుతుంది. ఎండి పేరుకున్న ముద్దే అడ్డు. కాబట్టి చెవి మడతలోనూ గోళ్ళ కిందా ముద్ద మిగలకుండా చూసుకోవాలి. వాసెలిన్ మందంగా ఉంటే అదీ సబ్బుతో కడిగి వుజూకు కూర్చోవాలి. నమాజ్ టైముకు పావుగంట ముందు రంగు మొదలుపెట్టడం అందుకే నాకు నచ్చదు. ఇషా అయ్యాక అయితే తొందర ఉండదు.

ఇంకొక్క మాట, ఆడపిల్లలున్న ఇళ్ళకు. ఈద్ ముందు రాత్రి మార్కెట్‌లో గంటలోనే నల్లగా పండుతుందని కోన్‌లు అమ్ముతారు. ఆకు మెహందీ నల్లగా పండదు. నారింజగా మొదలై ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. వెంటనే నల్లగా పండేదాంట్లో చాలాసార్లు ఉండేది ఆ పీపీడీయే. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి అది ఒకసారి పొక్కులు లేపిందంటే, ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె తలకు డై వేసుకున్నప్పుడు చెవుల దగ్గర మళ్ళీ లేవగలదు. బడే అబ్బా మనవరాలి కోసం ఇప్పుడు బడీ అమ్మీ మోండాలో పొడి కొని, ఇంట్లోనే కలిపి, పాల కవర్‌తో కోన్ చుడుతోంది.