పంపారా, పంపరా?

మన ఫోన్లలో ఉన్న గ్రూపులు ఒకసారి తెరిచి చూడండి. ఇంటి గ్రూపులో అక్కడక్కడా తెలుగు లిపి కనిపిస్తుంది. ప్రాజెక్టు గ్రూపు, ఇంటర్న్‌షిప్ గ్రూపు, ప్లేస్‌మెంట్ గ్రూపు తెరిస్తే మాత్రం భాష తెలుగే, అక్షరాలు ఇంగ్లిష్‌వి. ఈ అలవాటుకు కారణం లేకపోలేదు. ఎస్సెమ్మెస్‌ల కాలంలో ఇంగ్లిష్ అక్షరాలతో ఒక మెసేజ్‌లో 160 పట్టేవి. తెలుగులో రాస్తే 70కే అయిపోయేది, గుణింతం గుర్తులు కూడా ఆ లెక్కలోనే. ఆ ఇబ్బంది పోయింది, అలవాటు మిగిలింది. దాన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కానీ పని గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ అలవాటు ఒక్కచోట గట్టిగా దెబ్బ కొడుతుంది. అది వాక్యం చివర ఉండే క్రియ.

`pamparu` అని చదవండి. పంపారు అనా, పంపరు అనా? మొదటిదైతే పని అయిపోయింది. రెండోదైతే అసలు కాదు. రెండింటికీ తేడా ఒక్క దీర్ఘం. ఇంగ్లిష్ అక్షరాల్లో మనలో చాలామందిమి ఆ దీర్ఘం చూపించం. `chepparu`, `marcharu`, `aaparu`, `pettaru` అన్నీ ఇంతే. `fees kattadu` అంటే కట్టేశాడా, కట్టనే కట్టడా?

అన్ని క్రియలూ ఇలా ఉండవు. చేశారు, చేయరు. ఇచ్చారు, ఇవ్వరు. వచ్చారు, రారు. ఇవి ఎలా రాసినా తేలిపోతాయి. పంపింది, పంపదు అన్నా గొడవ లేదు. చిక్కంతా "ఆరు", "ఆడు"లతో ముగిసే కొన్ని క్రియలతోనే. అయితే ఆఫీసులో, కాలేజీలో మనం ఎవరి గురించి రాసినా గౌరవంగా "ఆరు" పెట్టే రాస్తాం కదా! అంటే చిక్కు సరిగ్గా పని మెసేజుల్లోనే ఎక్కువ.

మా బ్యాచ్‌లో జరిగిందే చెప్తాను. నలుగురం ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేశాం. కాలేజీ నుంచి పర్మిషన్ లెటర్ వాళ్ళకి చేరాలి, శనివారం ఆఖరు. శుక్రవారం సాయంత్రం ఆఫీసుకి వెళ్ళిన ఫ్రెండ్ గ్రూపులో పెట్టింది ఇదీ:

```
letter office vallu pamparu
```

వాడి ఉద్దేశం: వాళ్ళు పంపరు, మనమే తీసుకుని మెయిల్ చేయాలి. గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరూ పంపారు అని చదువుకుని థంబ్స్ అప్ కొట్టారు. ఆ థంబ్స్ అప్ చూసి వాడేమో వాళ్ళలో ఒకరు శనివారం వెళ్ళి తెస్తారనుకున్నాడు. నేను ఊరికి వెళ్తూ బస్సులో ఉన్నాను, సిగ్నల్ లేక ఆ మెసేజ్ రాత్రి దాకా నాకు చేరనేలేదు. చేరేసరికి కింద రెండు థంబ్స్ అప్‌లు ఉన్నాయి, అంతా సెటిల్ అయినట్టే కనిపించింది. మంగళవారం కంపెనీ నుంచి "మీ లెటర్ ఏది?" అని మెయిల్. మమ్మల్ని తర్వాతి బ్యాచ్‌కి మార్చారు, నెల రోజులు పోయాయి. ఇందులో భాష రానివాళ్ళు ఎవరూ లేరు. పొరపాటు జరిగినట్టు ఎవరికీ తెలియకపోవడమే అసలు ప్రమాదం. అర్థం కాని మెసేజ్ అయితే మళ్ళీ అడుగుతాం. తప్పుగా అర్థమైన మెసేజ్‌కి థంబ్స్ అప్ కొడతాం.

ఈ సమస్య మనకంటే ముందు వేరేవాళ్ళకి వచ్చింది. 1990లలో అమెరికాలోని తెలుగువాళ్ళు ఇంటర్నెట్ న్యూస్‌గ్రూపుల్లో తెలుగులో రాసుకోవాలంటే ఇంగ్లిష్ అక్షరాలే దిక్కు. అప్పుడు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారైంది. అందులో పెద్ద అక్షరానికి, చిన్న అక్షరానికి వేరే విలువ. `ceppADu` అంటే చెప్పాడు, `ceppaDu` అంటే చెప్పడు. ఎక్కడా అనుమానం ఉండదు. లేఖిని వాడినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది, అది నడిచేది ఈ పద్ధతి మీదే. కానీ చాట్‌లో ఎవరూ ఇలా రాయరు. నేనొక్కడినే `pampaaru` అని జాగ్రత్తగా రెండు ఎ-లు పెట్టినా లాభం సగమే. నేను ఒక్క `a` పెట్టినప్పుడు అది కావాలని పెట్టిన హ్రస్వమో, అందరిలాగే తేలిగ్గా వదిలేసిన దీర్ఘమో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ వరంగల్ సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ "పంపారు" అనరు. "పంపిన్రు" అంటారు. చెప్పాడు కాదు, "చెప్పిండు". కట్టాడు కాదు, "కట్టిండు". `office vallu pampinru` అని రాస్తే దాన్ని "పంపరు" అని చదవడం ఎవరి వల్లా కాదు. అంటే ఈ చిక్కు మన మాటలో లేనే లేదు. ప్రొఫెషనల్ గ్రూపు కదా అని మనం ఇంటి మాట పక్కన పెట్టి "ఆరు"లోకి మారతాం, లిపేమో ఇంగ్లిష్‌దే ఉంచుతాం. ఆ రెండూ కలిసినచోట చిక్కు పుడుతోంది. కాళోజీ పుట్టినరోజున, సెప్టెంబర్ 9న, తెలంగాణ భాషా దినోత్సవం స్టేటస్‌లు పెడతాం. మర్నాడు గ్రూపులో "పంపిన్రు" రాయడానికి సిగ్గుపడతాం.

ఇంకో తమాషా. తెలుగులో ఇంగ్లిష్ కలుపుతున్నామని పెద్దవాళ్ళు తిడతారు కదా, ఆ కలపడమే ఇక్కడ కాపాడుతుంది. `send chesaru`, `send cheyaru`. ఇంగ్లిష్ మాట పక్కన "చేయు" వచ్చి చేరేసరికి అయిందో కాదో తేలిపోతుంది. `approve`, `change`, `stop` ఏదైనా అంతే.

కాబట్టి లిపి ఏది అని కాదు, చదివేది ఎవరు అని ముందు చూస్తున్నాను. గ్రూపులో తెలుగు రానివాళ్ళు ఒక్కరున్నా పూర్తిగా ఇంగ్లిష్. ఇంగ్లిష్ అక్షరాల తెలుగు వాళ్ళకి తెలుగు లిపి అంత దూరమే. తెలుగు వచ్చు గానీ లిపి చదవడం కష్టమయ్యేవాళ్ళు ఉంటారు, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్ళు మనలో తక్కువేం కాదు. వాళ్ళుంటే ఇంగ్లిష్ అక్షరాలే, కానీ క్రియ మారుస్తాను: `pampesaru`, లేదా `pampamu annaru`. అందరూ తెలుగు చదవగలిగితే ఇలా:

```
Office వాళ్ళు letter పంపరు.
రేపు 11 లోపు మనమే తెచ్చి mail చేయాలి.
```

పేర్లు, వస్తువులు ఏ లిపిలో ఉన్నా చదువుకోవచ్చు. క్రియ మాత్రం తెలుగులో ఉంటే చాలు. ఫైల్ పేరు, కమాండ్, ఎర్రర్ మెసేజ్ స్క్రీన్ మీద ఉన్నట్టే ఉంచాలి, లేకపోతే కాపీ చేసుకోలేం. లింక్ తర్వాత ఖాళీ వదిలి "లో" రాయాలి. అతికించి రాస్తే కొన్ని యాప్‌లలో ఆ "లో" కూడా లింక్‌లో కలిసిపోయి పేజీ తెరుచుకోదు. తర్వాత వెతకాల్సిన మాట గ్రూపంతా ఒకే లిపిలో రాయాలి. `deadline` అని వెతికితే "డెడ్‌లైన్" దొరకదు.

తెలుగు లిపికి మారితే అంతా సర్దుకుంటుందనీ అనుకోకండి. మనలో ఎక్కువమంది వాడే కీబోర్డులో టైప్ చేసేది `pamparu` అనే, తెలుగు చేసేది అది. మన దీర్ఘాన్ని అది ఊహిస్తుంది. పైన మొదట కనిపించిన మాటను చూడకుండా నొక్కేస్తే, అనుమానంగా ఉండాల్సిన మెసేజ్ కాస్తా స్పష్టమైన అబద్ధంగా వెళ్తుంది. పంపే ముందు చివరి మాట ఒక్కటి చదవండి. దీర్ఘం ఉందా, లేదా? అంతే.