ఏ పన్నెండు?

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాదిలో నేను డిసర్టేషన్‌కు తీసుకున్న అంశం ప్రసవానంతర డిప్రెషన్ స్క్రీనింగ్. ఆరో వారం టీకాకు బిడ్డను ఎత్తుకొచ్చే తల్లిని పది ప్రశ్నలు అడిగితే, ఆమెను డాక్టరు దగ్గరకు పంపాలో లేదో తేలుతుందా? నేను తేల్చుకోవాల్సింది ఇదే. ఆ పది ప్రశ్నల పట్టికను 1987లో కాక్స్, హోల్డెన్, సాగోవ్‌స్కీ అనే ముగ్గురు తయారుచేశారు. పేరు ఎడిన్‌బరో పోస్ట్‌నేటల్ డిప్రెషన్ స్కేల్, పొట్టిగా ఈపీడీఎస్. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ముప్పై.

దాని మీద వచ్చిన పేపర్లు చదువుతూ ఎక్సెల్‌లో మ్యాట్రిక్స్ కట్టుకున్నాను. పేపరుకో వరుస. రచయిత, సంవత్సరం, ఊరు, ఎంతమంది తల్లులు, ఏ స్కేలు, కటాఫ్, చివర్లో ‘ఫలితాలు’. రెండు నెలల్లో నలభై ఏడు వరుసలు నిండాయి. ఇక అధ్యాయం రాయడమే మిగిలిందనుకుని మా గైడ్ మేడమ్‌కు చూపించాను. ఆవిడ కటాఫ్ కాలమ్ మీద వేలుపెట్టి పైనుంచి కిందికి జరుపుతూ వెళ్లారు. ఆ కాలమ్‌లో పన్నెండు చోట్లో పదమూడు చోట్లో ‘12’ అని ఉంది.

“ఈ పన్నెండు ఏ పన్నెండమ్మా?” అని అడిగారు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. పన్నెండంటే పన్నెండే కదా అనుకున్నాను. “సరిగ్గా పన్నెండు మార్కులు వచ్చిన తల్లి నీ లెక్కలో ఎటుపోతుంది? డాక్టరు దగ్గరికా, ఇంటికా?” అన్నారు మళ్లీ. పేపర్లన్నీ తెరిచి చూస్తే గానీ చెప్పలేకపోయాను.

తెరిచి చూశాక తేలిందిది. కొన్ని పేపర్లలో 12/13 అని ఉంది. అంటే పన్నెండు వరకూ ఇంటికి, పదమూడు నుంచి డాక్టరు దగ్గరికి. కొన్నింటిలో ‘>12’ అని ఉంది. మార్కులు పూర్ణాంకాలే కాబట్టి అదీ పదమూడు నుంచే. ఇంకొన్నింటిలో ‘≥12’, అంటే పన్నెండు వచ్చిన తల్లి కూడా డాక్టరు దగ్గరికే. ఒకటి రెండు పేపర్లలో వట్టి ‘12 కటాఫ్’ అని రాసి ఊరుకున్నారు. నేను వీటన్నిటినీ ఒకే అంకెగా దించుకున్నాను. ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. ఈపీడీఎస్ కటాఫ్‌లను పరిశోధకులు ఒక్కొక్కరు ఒక్కోలా వాడుతూ, ఒక్కోలా రాస్తున్నారని స్టీఫెన్ మాథీ, ఆయన సహచరులు 2006లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు.

ఒకటి రెండు మార్కులకు ఇంత పట్టింపు ఎందుకంటే, తేడా అక్కడే ఉంది. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెవిస్ బృందం 58 అధ్యయనాల్లోని 15,557 మంది స్త్రీల వివరాలను, మనిషి మనిషి లెక్క తీసుకుని, కలిపి విశ్లేషించింది. నిపుణులు కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూతో పోల్చిన అధ్యయనాల్లో, కటాఫ్ 11 అంతకు పైన పెడితే నిజంగా డిప్రెషన్ ఉన్న నూరుమందిలో 81 మంది దొరికారు. 13 అంతకు పైన పెడితే 66 మందే దొరికారు. రెండు మార్కులు జరిగితే పదిహేను మంది తల్లులు జల్లెడలోంచి జారిపోయినట్టు. మరోవైపు, డిప్రెషన్ లేనివాళ్లను లేదని సరిగ్గా చెప్పడం నూటికి 88 నుంచి 95కు పెరిగింది. ఏ కటాఫ్ మంచిదన్నది ఈ రెంటి మధ్య బేరం. గుర్తును సరిగ్గా దించుకోని నా మ్యాట్రిక్స్‌లో అసలు ఆ బేరమే కనబడలేదు.

అందుకే ఆ కాలమ్‌ను రెండు చేశాను. ఒకదానిలో పేపర్లో ఉన్నది ఉన్నట్టు, గుర్తుతో సహా. రెండోదానిలో ‘పాజిటివ్ అనడానికి కనీసం ఎన్ని మార్కులు’ అన్న ప్రశ్నకు ఒక్క అంకె. పేపరు చదివినా తేలకపోతే రెండో గడి ఖాళీగా ఉంచి ‘స్పష్టంగా లేదు’ అని రాశాను. ఊహించి నింపిన గడి కంటే ఖాళీ గడి మేలు. నెల తర్వాత చూసినప్పుడు ఊహించినదీ చదివినదీ ఒకేలా కనిపిస్తాయి.

కటాఫ్ సంగతి తేలాక ‘ఫలితాలు’ కాలమ్ వైపు చూడటానికి భయమేసింది. అసలు పెద్ద తప్పు అక్కడుంది. 1987 పేపరు వరుసలో నేను రాసుకున్నది ఇది: సెన్సిటివిటీ 86 శాతం, స్పెసిఫిసిటీ 78 శాతం, పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ 73 శాతం. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎంతమంది దొరికారన్నది మొదటిది. లేనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలేసిందన్నది రెండోది. పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా ఉన్నవాళ్లు ఎందరన్నది మూడోది. ఆ 73ను పట్టుకుని, మా టీకా కేంద్రంలో పాజిటివ్ వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురికి దాదాపుగా డిప్రెషన్ ఉంటుందని చిత్తుప్రతిలో రాసేశాను.

మేడమ్ నన్ను కూర్చోబెట్టి నాలుగు గడుల పెట్టె గీయించారు. ఆ అధ్యయనంలో తల్లులు 84 మంది. శాతాల నుంచి వెనక్కి లెక్కకట్టమన్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్లు 35 మంది అనుకుంటే వారిలో 30 మంది దొరికారు, అయిదుగురు తప్పిపోయారు. లేనివాళ్లు 49 మంది అయితే వారిలో 38 మందిని వదిలేసింది, 11 మందిని పొరపాటున పట్టింది. 35లో 30 అంటే 86 శాతం, 49లో 38 అంటే 78 శాతం, పట్టుబడిన 41 మందిలో 30 అంటే 73 శాతం. మూడూ అతికినట్టు సరిపోయాయి. “84లో 35 అంటే ఎంతమ్మా?” అన్నారు. నలభై రెండు శాతం. “నీ టీకా కేంద్రానికి వచ్చే నూరుమంది తల్లుల్లో 42 మందికి డిప్రెషన్ ఉంటుందా?”

ఉండదు. నూటికి పది మందికి ఉందనుకుని వెయ్యి మందికి అదే స్కేలు, అదే కటాఫ్ పెట్టి చూశాం. డిప్రెషన్ ఉన్న వందమందిలో 86 మంది దొరుకుతారు. లేని తొమ్మిది వందల మందిలో 198 మంది పొరపాటున పట్టుబడతారు. మొత్తం 284 మంది పాజిటివ్‌లలో నిజంగా ఉన్నది 86 మందికి, అంటే 30 శాతమే. స్కేలు మారలేదు, కటాఫ్ మారలేదు. దాన్ని పెట్టిన జనం మారారు, 73 కాస్తా 30 అయింది. నేను రాసిన వాక్యాన్ని నమ్మి ఎవరైనా క్లినిక్ నడిపితే, పాజిటివ్ వచ్చిన పదిమందిలో ఏడుగురు తల్లులు లేని జబ్బుతో ఇంటికి వెళ్లేవాళ్లు.

ఆ రోజే ‘ఫలితాలు’ కాలమ్ తీసేశాను. దాని స్థానంలో నాలుగు కాలమ్‌లు వచ్చాయి: ఉండి దొరికినవాళ్లు, ఉండి తప్పిపోయినవాళ్లు, లేకపోయినా పట్టుబడినవాళ్లు, లేనందున వదిలేసినవాళ్లు. శాతాలను ఎక్సెల్ వీటి నుంచే కట్టేలా ఫార్ములా పెట్టాను. నా శాతం పేపరు శాతంతో కలవకపోతే, నేనైనా తప్పు దించి ఉండాలి, వాళ్లైనా కొందరిని లెక్కలోంచి తప్పించి ఉండాలి. రెండోది ఎక్కువగా జరిగేది స్కేలు మీద పాజిటివ్ వచ్చినవాళ్లనే ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు. నెగటివ్ వచ్చినవాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టి తప్పిపోయినవాళ్ల గడిలో సున్నా పడుతుంది, స్కేలు ఎవరినీ వదలనట్టు కనిపిస్తుంది. అందుకని ‘ఇంటర్వ్యూ ఎవరెవరికి చేశారు’ అన్నదీ ఒక కాలమ్ అయింది.

మరో వరుస జత నన్ను ఇంతకంటే ఎక్కువ తప్పుదారి పట్టించింది. 2002లో గోవా నుంచి పటేల్ బృందం, తమిళనాడు గ్రామాల నుంచి చంద్రన్ బృందం రెండు అధ్యయనాలు ప్రచురించాయి. నా మ్యాట్రిక్స్‌లో గోవా పక్కన 23 శాతం, తమిళనాడు పక్కన 11 శాతం అని ఉంది. గోవాలో రెట్టింపు ఉందని రాసి, కారణాలు కూడా ఊహించాను. తిరిగి చదివితే గోవా 23, ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు డిప్రెషన్‌తో ఉన్న తల్లులందరి లెక్క, అదీ ఈపీడీఎస్‌తో. తమిళనాడు 11, ప్రసవం తర్వాత కొత్తగా మొదలైన కేసుల లెక్క, అదీ ఇంటర్వ్యూతో. కొత్తగా వచ్చిన కేసులూ ఇప్పటికే ఉన్న కేసులూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పక్కపక్కన పెట్టి హెచ్చుతగ్గులు చూడకూడదు. 38 భారతీయ అధ్యయనాలను, 20,043 మంది తల్లులను కలిపి 2017లో వచ్చిన సమీక్ష 22 శాతం అని చెప్పింది. ఆ అంకెను వాడేముందు కూడా అందులో ఏ స్కేళ్లు, ఏ వారాలు కలిశాయో చూడాలని అప్పుడు అర్థమైంది.

దాంతో వరుస అంటే ఏమిటో కూడా మారింది. పేపరుకో వరుస కాదు, ‘ఒక జనం, ఒక సమయం, ఒక స్కేలు, ఒక కటాఫ్’ కు ఒక వరుస. ఒకే పేపరు రెండుసార్లు కొలిచి మూడు కటాఫ్‌లు చెబితే ఆరు వరుసలు. అన్నిటికీ అదే పేపరు నంబరు, పక్కన అ, ఆ, ఇ. ప్రసవం నుంచి ఎన్నో రోజో, ఎన్నో వారమో ప్రతి వరుసలో ఉంటుంది. మూడో రోజు కంటతడి చాలామంది తల్లులకు దానంతటదే తగ్గిపోయే దిగులు, ఆరో వారం కంటతడి వేరు. నలభై ఏడు వరుసలు నూటికి పైగా అయ్యాయి. కానీ పోల్చదగినవి వడపోస్తే నాకు పనికొచ్చినవి ఇరవైలోపే. ఆ ఇరవైతోనే అధ్యాయం రాశాను.

చివరగా, కొత్త కాలమ్‌లతో అయిదు పేపర్లు నా సహాధ్యాయినికి ఇచ్చి, నేను నింపింది చూపకుండా నింపమన్నాను. కటాఫ్ దగ్గర ఇద్దరం ఒక్కటే రాశాం. ‘ఎన్నో వారం’ దగ్గర రెండు పేపర్లలో తేడా వచ్చింది. ఆమె సగటు రాసింది, నేను కనిష్ఠం, గరిష్ఠం రాశాను. కాలమ్ తలలో ‘కనిష్ఠం నుంచి గరిష్ఠం’ అని చేర్చి, ఆ కాలమ్ అంతా మళ్లీ నింపాను.

ఇప్పుడు మా పిల్లల డిసర్టేషన్లు చూస్తున్నాను. ‘ఫలితాలు’ అన్న కాలమ్ కనిపిస్తే తీసేయమంటాను. ఈ అంశం మీద పని మొదలుపెట్టేవాళ్లను నేను కోరేది ఒక్కటే: మొదటి మూడు పేపర్లకు నాలుగు గడుల పెట్టె చేత్తో గీసి, సరిగ్గా పన్నెండు మార్కులు వచ్చిన తల్లి ఎటు వెళ్లిందో రాయండి. అది రాయగలిగాకే నాలుగో పేపరు తెరవండి.