కంపెనీకి నలుగురి ముందు రాసిన ఉత్తరం

డబ్బు కట్టించుకున్న కంపెనీ ఫోన్లకు సరిగ్గా జవాబు చెప్పకపోతే, ఈ రోజుల్లో మనకు మిగిలిన దారుల్లో ఒకటి అందరికీ కనబడేలా వాళ్ల పేజీలో రాయడం. మా ఇంట్లో ఆ పని నా నెత్తిన పడింది. రాసింది పట్టుమని పది వాక్యాలు కూడా లేవు. కానీ అందులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అని ఒక పూటంతా ఆలోచించాల్సి వచ్చింది. మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

జరిగింది ఇదీ. మా అమ్మ, చిన్నమ్మ ఫిబ్రవరి 5 రాత్రి హైదరాబాదు నుంచి తిరుపతికి రావాలి. ఒక యాప్‌లో రెండు బస్సు టికెట్లు, 2,900 రూపాయలు. మర్నాడు పొద్దున పదింటికి తిరుమలలో 300 రూపాయల దర్శనం. ఆ టికెట్లు మూడు నెలల ముందే తీసి పెట్టినవి. బస్సు తొమ్మిదిన్నరకైతే, ఎనిమిదీ యాభైకి రద్దయిందని మెసేజ్ వచ్చింది. ఆ రాత్రికి ఇంకో బస్సులో సీట్లు దొరకలేదు. మర్నాడు బయల్దేరి మా ఇంటికి వచ్చేసరికి రాత్రయింది. దర్శనం గంట ఎప్పుడో దాటిపోయింది. అమ్మ మోకాళ్లతో సర్వదర్శనం క్యూలో కూర్చోలేదు, చిన్నమ్మకు సెలవు లేదు. తిరుచానూరులో అమ్మవారిని చూసుకుని ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయారు.

ఏడు పనిదినాల్లో డబ్బు వాపసు వస్తుందని మెసేజ్‌లో ఉంది. శని, ఆదివారాలు తీసేస్తే అది ఫిబ్రవరి 16. రాలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాం. మూడుసార్లు "ప్రాసెస్‌లో ఉంది మేడం" అన్నారు. 20వ తేదీన ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆఖరిసారి "మేం పంపేశాం, మీ బ్యాంకులో అడగండి" అన్నారు. బ్యాంకు వాళ్లేమో ఏమీ రాలేదన్నారు.

28వ తేదీన మా తమ్ముడు కోపంగా ఒక పేజీ రాసి పంపాడు. "దొంగ కంపెనీ, ముసలివాళ్లను మోసం చేశారు, దేవుడి దర్శనం లేకుండా చేశారు" అని. "అక్కా, ఇట్లా రాస్తేనే దిగొస్తారు" అన్నాడు.

వాడి బాధ నాకూ ఉంది. కానీ "డబ్బు రాలేదు" అన్నదాన్ని బ్యాంకు స్టేట్‌మెంటు చూపించి నిరూపించగలం. "మోసం చేశారు" అన్నది వాళ్ల మనసులో ఏముందో చెప్పే మాట, దాన్ని మనం నిరూపించలేం. పైగా పరువు నష్టమని ఎదురు నోటీసు ఇవ్వడానికి వాళ్లకు మనమే సందు ఇచ్చినట్లవుతుంది. ఇక దర్శనం సంగతి. అసలు నష్టం అదే, కానీ దాన్ని ఆ కంపెనీ తిరిగి ఇవ్వలేదు. ఆ పోస్టు చదివేది అక్కడ ఉద్యోగం చేసే ఎవరో ఒక పిల్లో పిల్లాడో. మన దుఃఖం చదివితే "క్షమించండి" అని ఒక వాక్యం అతికించి ముగిస్తారు. తేదీ, మొత్తం, ఏం కావాలో కనబడితే ఆ ముక్కను పట్టుకుని లోపల ఎవరినైనా అడగాల్సి వస్తుంది. అందుకని దర్శనం మాట తీసేశాను. తీసేసేటప్పుడు చెయ్యి ఆడలేదు, నిజమే చెబుతున్నా.

చివరికి పెట్టింది ఇది:

"ఫిబ్రవరి 5 రాత్రి 9.30 హైదరాబాదు–తిరుపతి బస్సుకు మీ యాప్‌లో రెండు టికెట్లు తీసుకున్నాం, 2,900 రూపాయలు. 8.50కి బస్సు రద్దయిందని మీరే తెలిపారు. ఏడు పనిదినాల్లో డబ్బు వాపసు అన్నారు. ఈరోజు ఫిబ్రవరి 28, ఇంకా రాలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాం, 20న ఫిర్యాదు నమోదు చేశారు. డబ్బు పంపి ఉంటే దాని రిఫరెన్స్ నంబరు ఇవ్వండి, పంపకపోతే ఏ తేదీకి పంపుతారో చెప్పండి. టికెట్ వివరాలు ఇక్కడ పెట్టడం లేదు. మీ అధికారిక ఖాతా నుంచి మెసేజ్ చేస్తే పంపుతాను."

ఇందులో గట్టి ముక్క రిఫరెన్స్ నంబరు. యూపీఐలో కట్టిన డబ్బు వెనక్కి పంపితే దానికి పన్నెండు అంకెల నంబరు పడుతుంది. కార్డుతో కడితే దానికీ వేరే రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అది చేతికొస్తే బ్యాంకు వాళ్లు డబ్బు ఎక్కడుందో వెతకగలరు. నిజంగా పంపినవాళ్లు ఆ నంబరు ఇవ్వగలరు. పంపనివాళ్ల దగ్గర ఆ నంబరే ఉండదు. మనం ఎవరినీ అబద్ధాలకోరు అనక్కర్లేకుండా ఆ ఒక్క ప్రశ్నతోనే సంగతి తేలిపోతుంది.

టికెట్ నంబరు, ఫోన్ నంబరు బయట పెట్టకపోవడానికి కారణం పావుగంటలోనే తెలిసింది. కంపెనీ బొమ్మ పెట్టుకున్న ఒక ఖాతా నుంచి "మీ సమస్యకు చింతిస్తున్నాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని జవాబు వచ్చింది. నొక్కి చూస్తే ఆ ఖాతా ఆ నెలలోనే పుట్టింది, దాన్ని అనుసరించేవాళ్లు పదిమంది లేరు. పేరులో ఒక అక్షరం ఎక్కువ. ఇట్లాంటివాళ్లు ఫిర్యాదు పోస్టుల కోసమే కాచుకుని ఉంటారు. ఫోన్ చేస్తే ఏదో యాప్ దించుకోమంటారు, లేదా డబ్బు రావాలంటే పిన్ కొట్టమంటారు. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదమ్మా, పిన్ కొడితే పోయేది మన డబ్బే. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నేను ఆ ఖాతాకు జవాబివ్వకుండా, కంపెనీ యాప్ లోపల ఉన్న లింకు నుంచి వాళ్ల అసలు ఖాతాకు వెళ్లి, మెసేజ్ అక్కడి నుంచే వచ్చిందా అని సరిచూసుకున్నాకే మాట్లాడాను.

అసలు వాళ్లు మార్చి 2న పలికారు. టికెట్ నంబరు, ఫిర్యాదు నంబరు పంపాను. వాళ్లడిగినా బ్యాంకు పాస్‌బుక్కు ఫొటో మొత్తం ఇవ్వలేదు, డబ్బు కట్టిన వరస ఒక్కటి కనబడేలా కత్తిరించి పంపాను. రిఫరెన్స్ నంబరు మాత్రం రాలేదు. "సాంకేతిక కారణాల వల్ల ఆగింది, మళ్లీ పంపుతున్నాం" అన్నారు. 5న 2,900 పడ్డాయి.

పడ్డ రోజే నా పోస్టు కింద "మార్చి 5న డబ్బు అందింది" అని ఒక వాక్యం చేర్చాను. పోస్టు మాత్రం తీసెయ్యలేదు. తీసేస్తే రేపు ఇంకొకరికి అదే జరిగినప్పుడు చూసుకోవడానికి ఏమీ ఉండదు. అందిందని రాయకపోతే అది మనవైపు అబద్ధమవుతుంది.

పోస్టు పెట్టినంత మాత్రాన చట్ట ప్రకారం ఫిర్యాదు చేసినట్లు కాదని కూడా గుర్తుంచుకోండి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన వినియోగదారుల నిబంధనల ప్రకారం, కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మన ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. ఆ అధికారి పేరు, ఈమెయిలు యాప్‌లోనే ఎక్కడో అడుగున ఉంటాయి. పోస్టులో రాసిన మాటలే ఈసారి టికెట్ నంబరుతో సహా అక్కడికీ పంపి పెట్టుకోవాలి. అక్కడా పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అమ్మకు మళ్లీ దర్శనం టికెట్లు దొరికాయి. ఈసారి ఒక రోజు ముందే వచ్చి మా ఇంట్లో పడుకోమన్నాను.