ముప్పై ఆరిళ్ళ సగటు, ఒక ప్లంబరు, నా ఎక్సెల్ షీటు

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో మా ప్లంబరుని అందరి ముందూ తప్పుబట్టాను. ఆయనకి అరవై దాటాయి. నా చేతిలో ఎక్సెల్ షీటుంది, ఆయన చేతిలో ఏమీ లేదు. తీరా చూస్తే తప్పు నాది. ఆ తప్పు మన ఫీల్డులో ఉన్న చాలామంది చేసేదే కాబట్టి అంకెలతో సహా రాసి పెడుతున్నాను.

ముందు సంగతేమిటో చెబుతాను. మాది హైదరాబాదులో 400 ఇళ్ళ కాంప్లెక్సు (తాళాలేసి ఉన్నవి తీసేస్తే మిగిలిన లెక్క ఇది). సంపులోంచి ప్రెషర్ పంపులు నేరుగా ఇళ్ళకి నీళ్ళు తోస్తాయి. పంపుల దగ్గర ఒక పెద్ద మీటరుంది. దాని ప్రకారం రోజుకి 2,60,000 లీటర్లు వెళుతున్నాయి, అంటే ఇంటికి 650 లీటర్లు. మొక్కలకి వాడేది శుద్ధి చేసిన మురుగు నీరు కాబట్టి అది ఇందులో లేదు. ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద పడ్డాం. ఇక మొదలైంది గొడవ. డూప్లెక్సుల వాళ్ళు నీళ్ళు పారబోస్తున్నారని ఒకరు, అద్దెకున్న బ్యాచిలర్ల వల్లేనని ఇంకొకరు.

ప్లంబరు మాత్రం ఒకటే మాట. "సార్, అందరు పండుకున్నంక గూడ పంపు ఆగుతలేదు. లైన్ల యాడనో లీకున్నది."

లీకు ఉందో లేదో తేల్చాలంటే ఇళ్ళలో నిజంగా ఎంత వాడుతున్నారో తెలియాలి. ఇళ్ళకి మీటర్లు లేవు. నాలుగొందల మీటర్లు కొనే డబ్బూ లేదు. అందుకని 36 మీటర్లు కొని, 36 ఇళ్ళకి వారం రోజులు బిగిద్దామన్నాను. కమిటీలో వెంటనే ఒక డిమాండొచ్చింది, ప్రతి రకం ఇంటికీ సమాన ప్రాతినిధ్యం ఉండాలని. సరే అని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు 12, ట్రిపుల్ 12, డూప్లెక్సులు 12 లాటరీ తీశాం. మొత్తంలో డబుల్ బెడ్‌రూములు 240, ట్రిపుల్ 120, డూప్లెక్సులు 40 ఉన్నాయి. ఈ మూడు గుంపుల్నే స్టాటిస్టిక్స్ వాళ్ళు స్ట్రాటా అంటారు, మనం పొరలు అనుకోవచ్చు.

వారం తర్వాత వచ్చిన లెక్క ఇదీ. డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో రోజుకి సగటున 420 లీటర్లు, ట్రిపుల్‌లో 600, డూప్లెక్సులో 960. ఒకే రకం ఇళ్ళ మధ్య తేడాలు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, వరుసగా 90, 150, 300.

నేనేం చేశాను? 36 అంకెలూ ఒకే కాలమ్‌లో వేసి AVERAGE కొట్టాను. 660 వచ్చింది. పంపు ఇస్తున్నది 650, ఇళ్ళలో వాడుతున్నది 660. ఇంకేముంది, లీకు లేదు, వాడకమే ఎక్కువ అని గ్రూపులో మెసేజ్ పెట్టేశాను. మీటింగులో ప్లంబరు మళ్ళీ లీకు మాటెత్తితే, "పెద్దాయనా, డేటా ఉంది, ఊహలొద్దు" అన్నాను. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పశ్చాత్తాపం అనుకునేరు, కాదు. 660ని 400తో గుణిస్తే 2,64,000. పంపు ఇచ్చినదానికంటే ఇళ్ళు ఎక్కువ వాడాయన్నమాట! ఆ నాలుగు వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? శాంపిల్ లెక్కలో ఆ మాత్రం తేడా ఉంటుందిలే అని ముందు సర్దిచెప్పుకున్నాను. కానీ షీటు మళ్ళీ తెరిస్తే, డూప్లెక్సుల 12 వరసలు నా మొహం మీదే కనిపించాయి. కాంప్లెక్సులో పదింట ఒక వంతున్న ఇళ్ళు నా శాంపిల్లో మూడింట ఒక వంతున్నాయి. అందరికంటే ఎక్కువ వాడేవాళ్ళకి మూడింతలు పైగా ఓట్లిచ్చి సగటు తీశాను.

దీన్ని ఇలా చూస్తే సులువు. 240 ఇళ్ళ తరఫున 12 ఇళ్ళొచ్చాయంటే, ఒక్కో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 20 ఇళ్ళకి ప్రతినిధి. ట్రిపుల్ అయితే 10 ఇళ్ళకి. డూప్లెక్సు మూడు చిల్లర ఇళ్ళకే. AVERAGE ఫంక్షన్‌కి ఈ సంగతి తెలియదు, మనమే చెప్పాలి. ప్రతి పొర సగటునీ మొత్తం ఇళ్ళలో ఆ పొర వాటాతో గుణించి కూడాలి. వాటాలు 0.6, 0.3, 0.1 కాబట్టి:

`0.6×420 + 0.3×600 + 0.1×960 = 252 + 180 + 96 = 528`

660 కాదు, 528. ఇంటికి 650 వెళుతుంటే 528 చేరుతోంది. తేడా 122 లీటర్లు. నాలుగొందల ఇళ్ళకి రోజుకి 48,800 లీటర్లు, అంటే దాదాపు ఐదు పదివేల లీటర్ల ట్యాంకర్లు భూమిలోకి పోతున్నాయి.

కానీ ఒకసారి నోరు జారినవాణ్ణి కదా, ఈసారి ఆగాను. కొలిచింది 36 ఇళ్ళే. లాటరీలో వేరే ఇళ్ళొచ్చుంటే 528 బదులు 600 వచ్చేదేమో? రోడ్డు తవ్వమని చెప్పేముందు ఈ అంకె ఎంత అటూ ఇటూ ఊగుతుందో తెలియాలి. దాన్ని చెప్పేది స్టాండర్డ్ ఎర్రర్. ప్రతి పొరకీ విడిగా లెక్క కట్టి కలపాలి:

`W² × (1 − n/N) × s²/n`

ఇందులో `s²/n` మామూలుగా అందరికీ తెలిసిందే, ఆ పొర సగటుకి ఉన్న ఊగిసలాట. `W` ఆ పొర వాటా. మధ్యలో ఉన్న `1 − n/N` మాత్రం చాలామంది వదిలేస్తారు. 40 డూప్లెక్సుల్లో 12 ఇళ్ళు కొలిచేశాం, అంటే 30 శాతం మనకి తెలిసిపోయింది. తెలియనిది మిగతా 70 శాతమే కాబట్టి అనిశ్చితి ఆ మేరకు తగ్గాలి. నలభైకి నలభై కొలిస్తే అది సున్నా అయిపోవాలి, ఈ ఫార్ములాలో అవుతుంది కూడా.

డబుల్ బెడ్‌రూములకి: `0.36 × 0.95 × 8100/12 = 230.85`

ట్రిపుల్‌కి: `0.09 × 0.90 × 22500/12 = 151.88`

డూప్లెక్సులకి: `0.01 × 0.70 × 90000/12 = 52.50`

మూడూ కూడితే 435.2. వర్గమూలం 20.9. ఇదీ మన స్టాండర్డ్ ఎర్రర్.

ఇక్కడ కూడా ఒక పప్పులో కాలేశాను. మొదటిసారి వాటాని వర్గం చేయకుండా గుణించాను, 37.6 వచ్చింది. సగటుని 0.6తో గుణిస్తే దాని వేరియన్స్ 0.36 వంతవుతుంది, 0.6 వంతు కాదు. దీన్ని పట్టుకోడానికి ఒక చిట్కా ఉంది. ఇళ్ళ మధ్య తేడాలు అన్నిటికంటే ఎక్కువున్నది డూప్లెక్సుల్లోనే, కానీ ఆ ఇళ్ళు మొత్తంలో పదో వంతే. కాబట్టి సరైన లెక్కలో వాటి భాగం తక్కువగానే రావాలి. వర్గం మర్చిపోతే మూడిట్లోకీ అదే పెద్దదిగా, 525 అని వస్తుంది. అలా కనిపిస్తే అనుమానించండి.

తర్వాత ఇదంతా చిన్న ప్రోగ్రాముగా రాసి సరిచూసుకున్నాను:

```
N = [240, 120, 40]
n = [12, 12, 12]
m = [420, 600, 960]
s = [90, 150, 300]
T = sum(N)
mean = sum(a*b for a, b in zip(N, m)) / T
var = sum((a/T)**2 * (1 - b/a) * c*c / b
          for a, b, c in zip(N, n, s))
print(round(mean, 1), round(var**0.5, 1))
```

`528.0 20.9` అని వచ్చింది. శాంపిల్ చిన్నది కాబట్టి 1.96 బదులు 2.06తో గుణించాను. అటూ ఇటూ 43 లీటర్లు. అంటే 95 శాతం నమ్మకంతో నిజమైన సగటు 485కీ 571కీ మధ్యలో ఉంది. పంపు ఇస్తున్న 650 ఈ హద్దులకి చాలా బయట ఉంది. మరీ జాగ్రత్తగా 571నే పట్టుకున్నా, రోజుకి 31,600 లీటర్లు ఎటో పోతున్నట్టే.

ఒక అనుమానం రావచ్చు. సమానంగా పన్నెండేసి తీయడమే తప్పేమో, ఇళ్ళ సంఖ్యని బట్టి తీయాల్సిందేమో అని. నాకూ వచ్చింది. ఇళ్ళ సంఖ్య, వాటి మధ్య తేడాలు రెండూ చూసుకుని 36ని పంచితే 15, 13, 8 అవుతాయి. దాంతో స్టాండర్డ్ ఎర్రర్ 20.3 వచ్చేది. మనకొచ్చింది 20.9. అంత తేడాకోసం కమిటీతో పోట్లాడక్కర్లేదు. శాంపిల్ తీసిన పద్ధతిలో తప్పులేదు, సగటు తీసిన చేతిలోనే ఉంది.

అయితే ఈ 43 లీటర్లు లాటరీ వల్ల వచ్చే ఊగిసలాటని మాత్రమే చెబుతుంది. మీటర్లు బిగించేటప్పుడు ప్లంబరు అసిస్టెంటు కుర్రాడు, "సార్, ఈ ఇంట్ల తలుపు తీస్తలేరు, పక్కింటికి పెట్టనా?" అని అడిగాడు. వద్దు, సాయంత్రం మళ్ళీ వెళ్ళమన్నాను. పగలు తలుపు తీయనివాళ్ళు ఉద్యోగాలకి పోయేవాళ్ళు, ఇంట్లో నీళ్ళు తక్కువ వాడేవాళ్ళు. వాళ్ళ బదులు పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళని పెడితే సగటు పెరుగుతుంది, లీకు చిన్నదిగా కనిపిస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఏమీ ఎరగనట్టు అదే 20 దగ్గర కూర్చుంటుంది. లెక్క ఎంత సరిగ్గా చేసినా ఈ తప్పుని అది పట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లంబరు ఇంటికి ఫోన్ చేశాను. "పెద్దాయనా, నాదే తప్పు, లీకుంది. గంటకి రెండు వేల లీటర్లు దాకా పోతుండాలి" అన్నాను. 48,800ని 24తో భాగిస్తే అంతే కదా. ఆయనేం దెప్పలేదు. "రాత్రి రెండింటికి అన్ని బ్లాకుల వాల్వులు బందు చేసి చూద్దాం సార్, మీటరు తిరిగితె మెయిన్ లైన్లనే" అన్నాడు. నాకు తట్టని పరీక్ష అది, దానికి శాంపిలూ అక్కర్లేదు.

ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని ఇద్దరం నిలబడ్డాం. వాల్వులన్నీ మూసేసినా మీటరు ముల్లు తిరుగుతూనే ఉంది. గంటలో 1,900 లీటర్లు. మూడు రోజుల తర్వాత మెయిన్ లైన్లో నేల కింద విరిగిన జాయింటు దొరికింది. అది మార్చాక పంపు మీటరు రోజుకి 2,14,000 దగ్గర నిలబడింది. ఇంటికి 535. నా హద్దుల లోపలే.

తర్వాతి మీటింగులో ఈ లెక్కంతా చెప్పి, 660 అని పెట్టిన మెసేజ్ తప్పని ఒప్పుకుని, అందరి ముందూ ఆయనకి క్షమాపణ చెప్పాను. డూప్లెక్సుల వాళ్ళు చప్పట్లు కొట్టారు, బ్యాచిలర్లు ఇంకా గట్టిగా కొట్టారు :-). ప్లంబరు మాత్రం నవ్వి, "గా మీటర్లు పీకెయ్యమంటరా సార్?" అని అడిగాడు.

ఉండనీయమన్నాను. వచ్చే వేసవికి పనికొస్తాయి.